చెవిపోటుకు యాంటీబయాటిక్ ఎప్పుడు?

ఏడాదిన్నర పాప, పది కిలోల బరువు అనుకుందాం. నాలుగు రోజులుగా జలుబు. పగలంతా బాగానే ఆడుకుంది. రాత్రి పడుకోబెట్టగానే ఏడుపు అందుకుంది. పాలు రెండు గుక్కలు తాగి వదిలేసింది. ఒళ్లు చూస్తే 101 డిగ్రీల జ్వరం. ఎత్తుకుని భుజాన వేసుకుంటే కాస్త ఊరుకుంటోంది.

చెవిపోటు పసిపిల్లల్లో ఎక్కువగా ఇలాగే మొదలవుతుంది. ముక్కు వెనక నుంచి నడిమి చెవికి యూస్టేషియన్ గొట్టం అనే సన్నని దారి ఉంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు ఆ దారి వాచి మూసుకుపోతే కర్ణభేరి వెనక నీరు చేరుతుంది, అందులో క్రిములు పెరుగుతాయి. పడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి పోటు ఎక్కువవుతుంది. గుటక వేసినా నొప్పే, అందుకే పాలు వద్దంటారు.

చెవి లాక్కోవడం ఒక్కటే చూసి చెవిపోటని తేల్చేయకండి. నిద్ర వచ్చినా, ఊరికే ఆటకైనా పిల్లలు చెవి లాక్కుంటారు. జలుబు తర్వాత కొత్తగా జ్వరం, రాత్రి ఏడుపు, తిండి మానడం కలిసి వస్తే అనుమానించాలి. అయినా చివరి మాట ఒటోస్కోపుతో కర్ణభేరిని చూసిన డాక్టరుదే. జ్వరానికి, ఏడుపుకు కూడా కర్ణభేరి ఎర్రబడుతుంది కాబట్టి ఎరుపు ఒక్కటే చాలదు, అది బయటికి ఉబ్బి ఉందా అన్నది ముఖ్యం. ఉబ్బు, నొప్పి లేకుండా వెనక నీరు మాత్రమే కనిపిస్తే దానికి యాంటీబయాటిక్ పనిచేయదు.

మన పాపకు ఒక్క చెవిలోనే కర్ణభేరి ఉబ్బింది. చీము లేదు. పారాసిటమాల్ వేస్తే నొప్పి తగ్గి నిద్రపోయింది. ఇలాంటప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడి, 48 నుంచి 72 గంటలు ఆగి చూద్దామని డాక్టరు చెబితే అది నిర్లక్ష్యం కాదు. చాలామంది పిల్లల్లో రెండు మూడు రోజుల్లో ఒంట్లోని శక్తే దీన్ని తగ్గించేస్తుంది. యాంటీబయాటిక్ వేసినా మొదటి 24 గంటల్లో నొప్పి తగ్గించేది అది కాదు. పైగా విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు తేవచ్చు.

ఆగకూడని పిల్లలూ ఉన్నారు. ఆరు నెలల లోపు బిడ్డకు చెవిపోటని తేలితే మందు వెంటనే మొదలుపెట్టాలి. రెండేళ్ల లోపు పిల్లలకు రెండు చెవుల్లోనూ ఉంటే కూడా అంతే. ఏ వయసు వారికైనా జ్వరం 102.2 డిగ్రీలు చేరినా, నొప్పి తీవ్రంగా ఉన్నా, రెండు రోజులుగా తగ్గకపోయినా, చెవి నుంచి చీము కారుతున్నా ఎదురుచూడకూడదు. చీము కారగానే కర్ణభేరి మీద ఒత్తిడి తగ్గి బిడ్డ హాయిగా పడుకుంటుంది. నయమైపోయిందని అప్పుడే చాలామంది పొరబడతారు.

ఆగి చూడటమంటే నొప్పిని భరించమనడం కాదు. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, మన పాపకు ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. ఆరు గంటలకోసారి ఇవ్వవచ్చు. సీసా మీద రాసింది తప్పక చదవండి. 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే 3 మి.లీ. చాలు, 120 ఉండేదైతే 6 మి.లీ. పైచిలుకు కావాలి. పిల్లల చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది. చెంచా లెక్క వద్దు, గుర్తులున్న సిరంజితో కొలవండి.

గడువులోగా తగ్గకపోయినా, మధ్యలో ఎక్కువైనా మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అప్పుడు మామూలుగా రాసేది అమాక్సిసిలిన్. పది కిలోల పాపకు రోజుకు 800 నుంచి 900 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. రెండేళ్ల లోపు పిల్లలకు పది రోజులు వాడతారు. రెండో రోజుకే హుషారుగా ఉందని ఆపేయకండి. మూడు రోజులు వాడినా జ్వరం దిగకపోతే మందు మార్చాల్సి రావచ్చు.

చెవి వెనక వాచి ఎర్రబడినా, చెవి ముందుకు తోసుకొచ్చినట్టున్నా, మూతి ఒక పక్కకు వంకర పోయినా, మెడ బిగుసుకున్నా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చెవిలో వేడి నూనె, వెల్లుల్లి కాచిన నూనె పోయమంటారు. వాళ్లది ప్రేమే, కానీ కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా లోపలికి పోతుంది. చీము కారుతుంటే బయట మెత్తని గుడ్డతో తుడవండి, స్నానంలో నీళ్లు పోనివ్వకండి. రెండు వారాలు దాటినా కారుతుంటే చెవి డాక్టరుకు చూపించండి.

నొప్పి తగ్గాక కూడా కర్ణభేరి వెనక నీరు కొన్ని వారాలు ఉండిపోవచ్చు. మూడు నెలల తర్వాత కూడా పిలిస్తే పలకకపోయినా, మాటలు ఆలస్యమవుతున్నా వినికిడి పరీక్ష చేయించండి.