పటంలో నాలుగు మిల్లీమీటర్ల గోదావరి

నరసాపురం రేవులో నిలబడితే అవతలి ఒడ్డున సఖినేటిపల్లి కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో వశిష్ఠ గోదావరి. పంటు ఎక్కితే కాసేపట్లో అవతల దిగొచ్చు. పంటు వద్దనుకుంటే ఎగువకు వెళ్లి, 216వ జాతీయ రహదారి మీద చించినాడ వంతెన దాటి, కోనసీమ వైపు నుంచి మళ్లీ కిందికి రావాలి. లెక్కల మాస్టారూ సోషల్ టీచరూ కలిసి ఒకే పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు వెతకనక్కర్లేదు.

పటం స్కేలు రెండు పుస్తకాల్లోనూ ఉంటుంది. లెక్కల్లో అది నిష్పత్తి, అనుపాతం. పటంలో దూరం ఇంత, అసలు దూరం ఎంత అని అడుగుతారు. పిల్లవాడు గుణించి జవాబు రాస్తాడు. ఆ రెండు ఊళ్ల మధ్య నది ఉందో కొండ ఉందో లెక్కకు పట్టదు. సోషల్లోనేమో స్కేలుకు నిర్వచనం బట్టీపట్టి, పటానికి రంగులు వేసి ఊరుకుంటారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినంత మాత్రాన సమ్మిళిత పాఠం అయిపోదు. రెండూ లేకపోతే తేలని పని ఒకటి పిల్లల ముందు పెట్టాలి.

పని ఇదీ: నరసాపురం నుంచి తరగతి మొత్తం అంతర్వేది నరసింహస్వామి గుడికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. ఏ దారిన వెళ్లాలో, ఎన్నింటికి బయలుదేరాలో, ఎందుకో నలుగురేసి జట్టుగా కూర్చుని ఒక్క కాగితం మీద తేల్చి ఇవ్వాలి. వరసగా రెండు పీరియడ్లు చాలు. టీచర్లిద్దరూ గదిలోనే ఉండాలి.

మొదటి చిక్కు పటం దగ్గరే వస్తుంది. గోడకు తగిలించిన పశ్చిమ గోదావరి జిల్లా పటం వశిష్ఠ ఒడ్డున ఆగిపోతుంది. అంతర్వేది అవతలి జిల్లాలో, కోనసీమలో ఉంది. పరిపాలన గీసిన హద్దుకూ మనం నడిచే దారికీ పొంతన ఉండదని సోషల్ టీచర్ వేరే చెప్పక్కర్లేదు. తాము వెళ్లాల్సిన ఊరు పటంలోనే లేకపోతే పిల్లలకే అర్థమవుతుంది. అందుకే రెండు ఒడ్లూ కనిపించే పటం కావాలి. 1:2,50,000 స్కేలు పటం అనుకుందాం.

ఇక్కడ లెక్కల మాస్టారి వంతు. పటంలో 1 సెంటీమీటరు అంటే నేల మీద 2,50,000 సెంటీమీటర్లు. కిలోమీటరుకు లక్ష సెంటీమీటర్లు కాబట్టి అది రెండున్నర కిలోమీటర్లు. ఎక్కువమంది తప్పేది ఈ మెట్టు దగ్గరే. మీటర్లను కిలోమీటర్లుగా మార్చే అలవాటు కొద్దీ వెయ్యితో భాగించి 250 కిలోమీటర్లు అంటారు. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేయక్కర్లేదు. 'నరసాపురం, అంతర్వేది మధ్య పటంలో నాలుగు సెంటీమీటర్లకు పైనే ఉంది. అంటే వెయ్యి కిలోమీటర్లు దాటాలా?' అని సోషల్ టీచర్ అడిగితే చాలు, తరగతి నవ్వి తనే దిద్దుకుంటుంది.

ఇప్పుడు కొలత. నేను ఇచ్చే అంకెలు ఉదాహరణకే, మీ పటం మీద కొంచెం అటూ ఇటూ అవుతాయి. స్కేలుబద్ద పెట్టి తిన్నగా కొలిస్తే 4.6 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అంటే 11.5 కిలోమీటర్లు. ఇది కాకి ఎగిరే దూరం. బస్సు వెళ్లే దారికి దారం కావాలి. తడిపిన నూలు దారాన్ని రోడ్డు గీత మీద మలుపు మలుపుకూ వేలితో అదుముతూ పరిచి, తర్వాత స్కేలు మీద సాగదీయాలి. చించినాడ మీదుగా 18 సెంటీమీటర్లు వస్తే 45 కిలోమీటర్లు. పంటు దిగాక సఖినేటిపల్లి నుంచి అంతర్వేదికి 5.2 సెంటీమీటర్లు వస్తే 13 కిలోమీటర్లు. తిన్నటి దూరానికి నాలుగింతలు రోడ్డు మీద ఎందుకు తిరగాలో పటమే చెబుతుంది. కిలోమీటరు వెడల్పున్న నది ఆ పటంలో నాలుగు మిల్లీమీటర్లే. కానీ దాని మీద రేవు దగ్గర వంతెన లేదు.

ఒకే దారిని ఇద్దరు విడివిడిగా కొలవాలని పట్టుబట్టండి. ఇద్దరి దారాలూ ఒకేలా రావు. ఈ స్కేలులో మిల్లీమీటరు తేడా అంటే 250 మీటర్లు. అప్పుడు '45.125 కిలోమీటర్లు' అని రాసిన జట్టుకు ఆ చివరి అంకెలు ఎంత వట్టివో తెలుస్తుంది. దారం చెప్పే దూరం సాధారణంగా అసలు కంటే కాస్త తక్కువే, ఎందుకంటే చిన్న పటంలో చిన్న మలుపులను చదును చేసి గీస్తారు. కొలత నిజమో కాదో చూడాలంటే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు ఉన్నాయి, ఫోన్లో పటమూ ఉంది. కానీ ముందు కొలిచి, తర్వాతే ఫోన్ తీయాలి.

గంటకు 30 కిలోమీటర్ల చొప్పున 45 కిలోమీటర్లకు గంటన్నర. 13 కిలోమీటర్లకు 26 నిమిషాలు. అంకెలు చూసి పంటే మేలని చాలా జట్లు తేల్చేస్తాయి. అసలు చర్చ అక్కడ మొదలవుతుంది. పంటు కోసం ఆగేది ఎంతసేపు? అందరూ ఒకే విడతలో పడతారా? అవతల ఆటోలు ఎన్ని కావాలి? భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో రేవు ఎలా ఉంటుంది? గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు కదా! ఆగస్టులో ఒక జవాబు, జనవరిలో ఇంకో జవాబు. రేవు దగ్గర ఇల్లున్న పిల్లవాడికి ఇవన్నీ తెలుసు. లెక్కల్లో ఎప్పుడూ వెనకబడే వాడే ఆ రోజు జట్టుకు పెద్ద దిక్కవుతాడు.

చివరగా ఆ దారిని జట్టు తన కాగితం మీద సొంత స్కేలుతో గీయాలి. చూపాల్సిన ప్రాంతం పొడవు 30 కిలోమీటర్లు, కాగితం మీద చోటు 20 సెంటీమీటర్లు. 1 సెంటీమీటరుకు 1 కిలోమీటరు పెడితే పట్టదు, 2 పెడితే 15 సెంటీమీటర్లలో సరిపోతుంది. పిల్లలకు స్కేలు నిజంగా పట్టుబడిందా లేదా అన్నది ఇక్కడే బయటపడుతుంది. గుణకారం అందరూ చేస్తారు, స్కేలు ఎంచుకోవడం మాత్రం అర్థమైనవాళ్లకే వస్తుంది.

తెలంగాణలో చేసేవారికి కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఉంది. కృష్ణకు అవతల సిద్ధేశ్వరం పడవలో ఒక దూరం, రోడ్డు మీద మరో దూరం. నదే అక్కర్లేదు, ఘాటు రోడ్డున్నా, గేటు లేని రైలు పట్టాలున్నా చాలు. పటంలోంచి నదిని చెరిపేసినా పిల్లల జవాబు మారకపోతే ఆ పాఠం లెక్కల పాఠమే, కలిపి చెప్పినట్టు కాదు.

పటాలు పంచబోయే టీచర్లకు ఒక మాట. జిరాక్సులో సగానికి తగ్గిస్తే కాగితం మీద 1:2,50,000 అనే ఉంటుంది గానీ, ఆ పటం 1:5,00,000 అయిపోతుంది. 18 సెంటీమీటర్ల దారం 9కి తగ్గి, 45 కిలోమీటర్లు ఇరవై రెండున్నరగా తేలతాయి. పటం కింద గీత రూపంలో ఇచ్చే స్కేలు మాత్రం పటంతోపాటే కుంచించుకుపోతుంది కాబట్టి తప్పదు. జిరాక్సు తీసే ముందు ఆ గీత కాగితంలో పడిందో లేదో చూసుకోండి, దారాన్ని దాని పక్కనే పెట్టి కొలవమనండి.