డిలే ముందా, ఓవర్‌డ్రైవ్ ముందా?

గిటార్ సిగ్నల్ మొదట ఓవర్‌డ్రైవ్‌లోకి, తర్వాత కోరస్‌లోకి, చివర డిలేలోకి వెళ్లాలంటారు. ఎందుకో తెలియాలంటే డిలేను ముందుకు జరిపి వినండి. 400 మిల్లీసెకన్ల తర్వాత సగం బలంతో రావాల్సిన ప్రతిధ్వని అసలు స్వరంతో దాదాపు సమానంగా మోగుతుంది. ఓవర్‌డ్రైవ్ పెద్ద శబ్దాల శిఖరాలను కోసేస్తుంది, చిన్నవాటిని పైకి లేపుతుంది మరి. పైగా పాత స్వరం, కొత్త స్వరం అందులో కలిసి నలిగి గజిబిజి అవుతాయి. డిలే చివర ఉంటే అప్పటికే గరుకెక్కిన స్వరాన్ని మెల్లగా తగ్గిస్తూ తిరిగి వినిపిస్తుంది.

గరుకు ఆంప్‌లోనే పుడుతుంటే, పెడళ్ల వరస సరిగ్గా ఉన్నా ఇదే తంటా. అప్పుడు డిలేను ఆంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్‌లో కలపాలి.

ఫేజర్ సంగతి వేరు. ఎడ్డీ వాన్ హేలెన్ దాన్ని ఆంప్‌కు ముందే పెట్టేవాడు. అక్కడ దాని ఊపు గరుకులో కలిసిపోతుంది. నాకదే ఇష్టం.