పెళ్లి వడ్డనకు మనుషుల్ని ముందుగా మాట్లాడుకోవడం

పెళ్లి భోజనానికి ఎందరు వస్తారో క్యాటరింగ్ కాంట్రాక్టరుకు చివరి రోజు దాకా తేలదు. వడ్డించే రోజుకూలీలకు మాత్రం కనీసం వారం ముందు కబురు అందాలి. లేకపోతే వాళ్లు ఆ రోజుకు మరో పని వదులుకోవాలో వద్దో తేల్చుకోలేరు.

ఇందుకు ఒక మార్గం, తప్పక వచ్చే అతిథుల లెక్కకు సరిపడా మనుషుల్ని ఖాయం చేసి, అనుమానంగా ఉన్న భాగానికి వేరే జాబితా పెట్టుకోవడం. ఉదాహరణకు 600 మంది తప్పక వస్తారు, 900 దాకా రావచ్చు. ముప్పై మందికి ఒకరు చొప్పున 20 మందిని వారం ముందే ఖాయం చేస్తారు. మరో 10 మందికి ఆ రోజు ఖాళీగా ఉంచుకున్నందుకు తలా 200 రూపాయలు ఇస్తామని, రమ్మనేదీ లేనిదీ ముందురోజు సాయంత్రం ఆరింటికల్లా చెబుతామని మాట ఇస్తారు. పిలిస్తే పూర్తి కూలి 800. పెళ్లివారు 750 అని తేల్చితే అయిదుగురిని పిలుస్తారు. మొత్తం ఖర్చు 21,000 అవుతుంది. ముప్పై మందినీ ముందే ఖాయం చేసి ఉంటే 24,000 అయ్యేది. ఆ ఆరు గంటలు దాటాక వద్దంటే పూర్తి కూలి ఇవ్వాల్సిందే. ఈ షరతు లేకుంటే నష్టమంతా కూలీల నెత్తిన పడుతుంది.

జాబితాలోని వాళ్లను ప్రతిసారీ పిలవాల్సి వస్తోందంటే ఖాయం లెక్క తక్కువ వేశారన్నమాట. బలమైన ముహూర్తాల రోజుల్లో ఈ పద్ధతి అంతగా పనిచేయదు. 200 కోసం 800 వదులుకుని ఎవరూ ఆగరు కనుక, అప్పుడు ఎక్కువమందిని ముందే ఖాయం చేసుకోవాలి.