వైరాగ్యం - ఉదాసీనత: భగవద్గీత ఆధారంగా భేద విచారణ

ఉపోద్ఘాతం:
నేటి తెలుగు వాడుకలో ‘వైరాగ్యం’ అనే మాట చాలా సందర్భాలలో నిరాశకు పర్యాయపదంగా వినిపిస్తుంది. ఉత్సాహం కోల్పోయి మాట్లాడేవానిని వైరాగ్యంతో మాట్లాడుతున్నాడంటారు. ఆప్తుని దహనం చూసి తిరిగివచ్చేంతవరకు నిలిచే భావాన్ని శ్మశాన వైరాగ్యం అంటారు. ఇంటి బాధ్యతను, చేపట్టిన పనిని పట్టించుకోనివాడు సైతం ఈ మాటనే ఆశ్రయిస్తాడు. శాస్త్ర సమ్మతమైన వైరాగ్యానికీ ఈ ఉదాసీనతకూ గల భేదాన్ని గీత ఏ ప్రమాణంతో నిర్ణయించిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పద విచారణ:
రాగం తొలగినవాడు విరాగి. అతని స్థితి వైరాగ్యం. రాగ శబ్దానికి రంగు అనే అర్థం కూడా ఉంది. వస్తువుపై మనసు పులిమిన రంగు తొలగితే వస్తువు నశించదు, ఉన్నది ఉన్నట్లు కనబడుతుంది. పతంజలి యోగసూత్రాలలో రాగద్వేషాలు రెండూ క్లేశాలే. కాబట్టి సంసారంపై విసుగు, బంధువులపై ఏవగింపు రాగానికి విరుగుడు కావు. అవి ద్వేషానికి చెందినవి. మనసు పనికి పూనుకోలేని జడత్వాన్ని పతంజలి ‘స్త్యానం’ అని పేర్కొని, యోగానికి అంతరాయాలలో చేర్చాడు. అంటే ద్వేషమూ జడత్వమూ రెండూ వైరాగ్యానికి వెలుపలివే.

అర్జునుని సందర్భం:
గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు విజయాన్ని, రాజ్యాన్ని, సుఖాలను కోరనంటాడు. గురువులను చంపడం కంటే భిక్షాటనతో బ్రతకడం మేలని రెండవ అధ్యాయంలో అంటాడు. మాటలను మాత్రమే గ్రహిస్తే ఇది పరిపూర్ణ విరక్తి. కాని కృష్ణుడు దానిని హృదయ దౌర్బల్యమన్నాడు. కారణం పూర్వాపరాలలో ఉంది. సేనల నడుమ రథాన్ని నిలపమని కోరినపుడు అర్జునుడు యుద్ధోన్ముఖుడే. ఎదుట నిలిచినవారిలో తాతలను, గురువులను, సోదరులను చూసిన తరువాతనే అతని నోరెండింది, శరీరం వణికింది, గాండీవం చేజారింది. ‘స్వజనం’ అనే భావన అతని వాదానికి మూలం. అంటే ఇక్కడ రాజ్య త్యాగాన్ని పలికిస్తున్నది రాగమే. రాగం గాఢమై, భరింపరాని దుఃఖంగా పరిణమించినపుడు అది విరక్తి భాషను ధరిస్తుంది.

కుటుంబం - అనభిష్వంగం:
పదమూడవ అధ్యాయంలోని జ్ఞాన లక్షణాలలో పుత్ర, దార, గృహాదుల పట్ల ‘అసక్తి’, ‘అనభిష్వంగం’ చేరి ఉన్నాయి. ఈ మాటలను కుటుంబం పట్ల నిర్దయగా అన్వయించే ప్రమాదం ఉంది. శంకరుని భాష్యం ఆ అన్వయానికి అవకాశమివ్వదు. ఇతరుని సుఖదుఃఖాలను, జీవన మరణాలను తనవిగానే భావించే తాదాత్మ్యమే అభిష్వంగమని ఆయన వివరణ. తొలగవలసినది ఆ తాదాత్మ్యమే గాని ప్రేమ కాదు.

పరీక్షలో తప్పిన కుమారుని తండ్రిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అభిష్వంగం గల తండ్రి ఆ అపజయాన్ని తన పరాభవంగా భావించి మండిపడతాడు. కుమారుని బాధ అతనికి కనబడదు. ఉదాసీనుడు అసలు విచారించడు. అతనికీ ఆ బాధ కనబడదు. అనభిష్వంగం గల తండ్రి మాత్రమే కుమారుని దుఃఖాన్ని కుమారుని దుఃఖంగా చూడగలడు, కనుకనే అతనికి అవసరమైనది చేయగలడు. పన్నెండవ అధ్యాయం భక్తుని వర్ణిస్తూ మైత్రిని, కరుణను, నిర్మమత్వాన్ని ఒకే శ్లోకంలో కూర్చడంలోని ఔచిత్యం ఇదే.

కర్మ - త్యాగ త్రైవిధ్యం:
పద్దెనిమిదవ అధ్యాయం కర్మ విషయంలో త్యాగాన్ని మూడు విధాలుగా విభజించింది. నియత కర్మను మోహం వల్ల విడవడం తామసం. దుఃఖకరమని, శరీరశ్రమకు వెరచి విడవడం రాజసం. కర్తవ్యమని తలచి కర్మను చేస్తూనే ఆసక్తిని, ఫలాన్ని విడవడం సాత్త్వికం. ఆ మూడవదానిలో కర్మ మిగిలే ఉంటుంది. అంతేకాదు, సాత్త్విక త్యాగి అప్రియమైన పనిని ద్వేషించడు, ప్రియమైన పనికి అంటుకొనడు. ఉదాసీనతను గుర్తించడానికి ఇది చక్కని ప్రమాణం. ఫలాపేక్ష లేదనే అధ్యాపకుడు కీర్తి తెచ్చే ప్రసంగానికి శ్రద్ధగా సిద్ధమై, ఎవరూ గమనించని జవాబు పత్రాలను నిర్లక్ష్యంగా దిద్దితే, అతడు విడిచింది ఫలాన్ని కాదు, శ్రమను. అవిద్వాంసుడు ఆసక్తితో ఎంత పని చేస్తాడో విద్వాంసుడు అనాసక్తుడై అంత పనీ చేయాలని మూడవ అధ్యాయం చెబుతుంది.

ముగింపు:
గీత త్యాగాన్ని బాహ్య చేష్టను బట్టి గాక దాని వెనుక ఉన్న కారణాన్ని బట్టి విభజించింది. అందువల్ల ఒక్క మౌనాన్నో, ఒక్క నిష్క్రమణనో చూసి ఇతరుల వైరాగ్యాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు. ఆ పరీక్ష ప్రధానంగా ఎవరికి వారు చేసుకోవలసినది. అర్జునుని విషయంలో ఫలితం స్పష్టం: మోహం నశించిందని చెప్పిన తరువాత అతడు అడవికి వెళ్ళలేదు, విడిచిన వింటిని తిరిగి అందుకున్నాడు.