సూది మానేస్తే పోయే షుగర్ కాదిది

"పాంక్రియాస్ ఖరాబై షుగర్ వచ్చినోళ్లకు ఇన్సులిన్ పడదట. ఏసుకుంటే రాత్రి డౌనై పడిపోతరట. సూది బందు పెట్టి, పరగడుపున పొడపత్రి కషాయం తాగి, రాగిజావ మీద ఉంటే ఆర్నెల్లల్ల షుగరే ఉండదట."

జనగామ నుంచి మహబూబాబాద్ తండాల దాకా, భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీల దాకా ఈ మాట నోటినోటా తిరుగుతోంది. చెప్పేవాళ్లు మంచికే చెబుతున్నారు. వినేవాళ్లు మాత్రం ఇన్సులిన్ ఆపేసి, చిక్కి శల్యమై, నోరు పిడచగట్టుకుపోయి, స్పృహ తప్పే దశలో వరంగల్ ఎంజీఎంకు చేరుతున్నారు. ఇందులో ఒక్క ముక్కలో నిజముంది. దాని సంగతి తర్వాత చెబుతాను. మిగతాదంతా అబద్ధం, అదీ ప్రాణాలు తీసే అబద్ధం.

ఈ పుకారుకు మూలం ఒకటే. షుగర్ అంటే షుగరే, ఎవరికి వచ్చినా ఒకటే అన్న నమ్మకం. పక్కింటాయనకు నడకతో, తిండి తగ్గించడంతో షుగర్ అదుపులోకి వచ్చింది కాబట్టి పాంక్రియాస్ ఆపరేషన్ అయిన మనిషికీ రావాలని ఆశ. పక్కింటాయనది టైప్ టూ. ఆయన పాంక్రియాస్ ఇన్సులిన్ తయారుచేస్తూనే ఉంది, ఒంట్లో కొవ్వు పెరిగి ఆ ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదు. బరువు తగ్గితే మళ్లీ పనిచేస్తుంది. ఆయనది నీళ్లుండీ కాలువ పూడిపోయిన పొలం. పాంక్రియాస్ పాడైన మనిషిది బావే ఎండిపోయిన పొలం. కాలువ ఎంత తవ్వినా నీళ్లు రావు. వైద్యులు దీనికి వేరే పేరే పెట్టారు, టైప్ 3సి అని.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు పాంక్రియాస్ మొత్తం తీసేస్తే దానికి తీవ్రమైన షుగర్ వచ్చింది. షుగర్‌కూ ఈ అవయవానికీ ఉన్న సంబంధం ప్రపంచానికి తెలిసింది అలాగే. మనిషికైనా మొత్తం తీసేస్తే ఆ రోజు నుంచే ఇన్సులిన్ కావాలి, జీవితాంతం కావాలి. తల భాగమో తోక భాగమో తీస్తే మిగిలిన ముక్కను బట్టి ఉంటుంది. కొందరికి వెంటనే వస్తుంది, కొందరికి ఏళ్ల తర్వాత వస్తుంది, కొందరికి రానే రాదు. మాటిమాటికీ కడుపునొప్పితో పాంక్రియాస్ వాచి, లోపల రాళ్లు కట్టి, మెల్లగా గట్టిపడిపోయే జబ్బులో ఇదే నష్టం పదేళ్లో ఇరవయ్యేళ్లో పట్టి జరుగుతుంది.

ఇన్సులిన్ ఒక్కటే పోయి ఉంటే లెక్క కొంచెం తేలికగా ఉండేది. ఇక్కడ మూడు పోతాయి. ఇన్సులిన్ షుగర్‌ను దించుతుంది. అదే పాంక్రియాస్‌లో పక్కపక్కనే ఉండే కణాలు గ్లూకగాన్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. షుగర్ మరీ పడిపోతుంటే నిల్వ ఉన్న చక్కెరను వదలమని కాలేయానికి చెప్పేది అదే. టైప్ టూ మనిషికి మందు కాస్త ఎక్కువైనా ఈ గ్లూకగాన్ చాలాసార్లు గట్టెక్కిస్తుంది. పాంక్రియాస్ పోయిన మనిషికి ఆ అండ లేదు. మూడోది జీర్ణరసం. అన్నాన్నీ నూనెనూ పప్పునూ అరిగించే ఎంజైములు పాంక్రియాస్ నుంచే రావాలి. అవి రాకపోతే తిన్నదాంట్లో ఎంత ఒంటికి పడుతుందో ఏ పూటకాపూట మారిపోతుంది. ఇన్సులిన్ మాత్రం ఎక్కించినంతా పనిచేస్తుంది. ఈ షుగర్ నిలకడగా ఉండకపోవడానికి కారణం ఇదే. పొద్దున 320, రాత్రి 50 కనిపిస్తే మిషన్ చెడిపోయిందనుకోకండి.

ఒక మనిషిని ఊహించుకుందాం. యాభై కిలోల రైతు, వయసు నలభై అయిదు, పాంక్రియాస్‌లో రాళ్లు. పాత జబ్బు గురించి అడగకుండానే ఎవరో టైప్ టూ అని రాసి 30/70 ఇన్సులిన్ పొద్దున 18, రాత్రి 14 యూనిట్లు పెట్టారు. ఒక రాత్రి ఎనిమిదింటికి సూది వేసుకున్నాడు. కడుపులో నొప్పి లేచి సగం అన్నం వదిలేశాడు. తిన్న సగం కూడా ఎంజైమ్ గోలీ లేక సరిగా అరగలేదు. ఈ ఇన్సులిన్‌లో నూటికి డెబ్బై వంతులు నెమ్మదిగా పనిచేసే రకం, వేసుకున్న నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య దాని జోరు ఎక్కువ. అంటే నడిరాత్రి దాటాక. రెండింటికి బనీను చెమటతో తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, భార్య పిలిస్తే తడబడుతూ ఏదో మాట్లాడుతున్నాడు. వేలు గుచ్చి చూస్తే 44.

పొద్దున్నే ఇంట్లో పంచాయితీ. "ఆ సూదే మనిషిని చంపేటట్టుంది" అని ఆపేశారు. వారం పాటు డౌన్ కాలేదు, షుగర్ కూడా అంత భయంకరంగా కనిపించలేదు. చూశారా, కషాయం పనిచేస్తోంది అన్నారు. నిజానికి తిన్నది ఒంటికి పట్టడం లేదు కాబట్టి రక్తంలోకి చక్కెర తక్కువ చేరుతోంది. కషాయం గొప్పేమీ లేదు. మనిషి కరిగిపోతున్నాడు, అంతే. ఆ పైన నాలుగు రోజులు జ్వరం వస్తే షుగర్ 500 దాటింది, వాంతులు, ఎగశ్వాస. ఈ రకం షుగర్‌లో కీటోన్లు పెరగడం టైప్ వన్ అంత తరచుగా జరగదు. అలాగని జరగకుండానూ పోదు. ఇన్సులిన్ పూర్తిగా మానేసినవాళ్లలో, పాంక్రియాస్ మొత్తం తీసేసినవాళ్లలో తప్పకుండా భయపడాల్సిన ప్రమాదమది.

ఇప్పుడు ముందు చెప్పిన ఆ ఒక్క నిజం. ఇన్సులిన్ వల్ల ఈ మనుషులు రాత్రిపూట పడిపోతారన్న భయం ఉత్తదేం కాదు. పడిపోతారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేసి "ఏం కాదు, వేసుకో" అని పంపించే వైద్యులది కూడా తప్పే. కానీ ఆ తప్పు ఇన్సులిన్‌ది కాదు, మోతాదుది, వేళది. పై రైతుకు రోజుకు 32 యూనిట్లంటే కిలోకు 0.64. పాంక్రియాస్ మొత్తం లేనివాళ్లకు కూడా సాధారణంగా కిలోకు అర యూనిట్ అటూఇటుగా సరిపోతుంది. ఆయనకు రోజంతా సమంగా పనిచేసే రకం ఒక పూట 8 యూనిట్లు, అన్నం తినే మూడు పూటలా 4 చొప్పున ఇస్తే మొత్తం 20. తినలేని పూట ఆ 4 మానేయవచ్చు, మిగతా 8 మాత్రం ఆగకూడదు. ఈ అంకెలు ఈ ఊహించిన మనిషివి, మీవి కావు. మీవి మీ డాక్టరే లెక్కగట్టాలి. మూడు పూటలా తింటాడన్న గ్యారంటీ లేని మనిషికి రెండు పూటల 30/70 అంటగట్టడం మంచిది కాదని డాక్టరుతో నిర్మొహమాటంగా అనండి.

ఎంజైమ్ గోలీల మీద కూడా ఒక పుకారుంది. "అవి మొదలుపెట్టినంక షుగర్ పెరిగింది, అందుకే పడేసినం" అంటారు. పెరుగుతుంది మరి. ఇన్నాళ్లూ మలంలో పోయిన అన్నం ఇప్పుడు ఒంటికి పడుతోంది. దానికి తగ్గట్టు ఇన్సులిన్ సర్దాలి గానీ గోలీలు ఆపకూడదు. మలం జిడ్డుగా, విపరీతమైన వాసనతో, నీళ్లు పోసినా బేసిన్‌కు అంటుకుని ఉంటే కొవ్వు అరగడం లేదని గుర్తు. పెద్దవాళ్లకు పూట భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్, చిరుతిండికి అందులో సగం మామూలుగా ఇస్తారు. భోజనానికి ముందూ వెనకా కాదు, మొదటి ముద్దతో వేసుకోవాలి, ఎక్కువ గోలీలుంటే కొన్ని మధ్యలో. తిన్నాక గంటకు గుర్తొచ్చి వేసుకుంటే ప్రయోజనం చాలావరకు పోయినట్టే.

పక్కవాళ్ల గోలీలు తెచ్చుకోవడం మరో దౌర్భాగ్యం. గ్లిమిపిరైడ్ రకం గోలీలు ఈ మనుషులను ఇంకా తేలికగా డౌన్ చేస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఇన్సులిన్ కొరత ఉన్న ఒంట్లో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పెంచగలవు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు, గ్లిప్టిన్లు పాంక్రియాస్ వాపు ఉన్నవాళ్లకు ఇవ్వడానికి వైద్యులే జంకుతారు. మెట్‌ఫార్మిన్ తొలిదశలో కొందరికి పనికొస్తుంది, కానీ అప్పటికే విరేచనాలతో చిక్కిపోతున్న మనిషికి అది మంచి మందు కాదు.

తీపి తినడం వల్ల ఈ షుగర్ రాదు. కర్రపెండలం తిన్నందుకు పాంక్రియాస్ ఎండిపోతుందన్న పాత సిద్ధాంతం నిలబడలేదు. తాగేవాళ్లకే వస్తుందన్నదీ తప్పే. మందూ బీడీలూ పెద్ద కారణాలే. ఇవి ఎరుగని పిల్లలకూ యువకులకూ కూడా పాంక్రియాస్‌లో రాళ్లు వస్తాయి. 2002లోనే హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలిసి ఈ రాళ్ల జబ్బుకూ స్పింక్1 అనే జన్యువులోని మార్పుకూ సంబంధం ఉందని చూపించారు. కాబట్టి రాళ్లున్న కుర్రాణ్ని తాగుబోతని ముద్ర వేయకండి. అయితే జబ్బు వచ్చాక గుడుంబా, కల్లు, బ్రాందీ ఏదైనా ముట్టుకోకూడదు. మందు దిగిన రాత్రి కాలేయం కొత్తగా చక్కెర తయారుచేయలేదు. గ్లూకగాన్ లేని ఒంట్లో ఇన్సులిన్ పనిచేస్తుంటే ఆ రాత్రి గడవడమే కష్టం.

ఈ షుగర్ ఉన్న మనిషి ఉన్న ఇంట్లో అందరికీ తెలియాల్సింది ఒకటుంది. షుగర్ 70 కన్నా తగ్గితే బిస్కెట్లు, అన్నం పెట్టి కూర్చోకండి. పిండిపదార్థం అరగాలంటే మళ్లీ పాంక్రియాస్ ఎంజైములే కావాలి. గ్లూకోజ్ పొడి అయితే అరగాల్సిన పనే లేదు, నేరుగా రక్తంలోకి పోతుంది. అది లేకపోతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటకు మళ్లీ చూడండి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మోతాదు మార్చిన వారంలో తెల్లవారుజామున మూడింటికి ఒకట్రెండుసార్లు వేలు గుచ్చి చూడండి. ఇంకో సంగతి. 40 రకం ఇన్సులిన్ సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 రకానికి ఆరెంజ్ మూత. 100 రకాన్ని ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కుతుంది.

సన్నగా ఉండి, పాత కడుపునొప్పి ఉండి, జిడ్డు విరేచనాలు అవుతూ షుగర్ బయటపడితే అది టైప్ టూ అని నమ్మేయకండి. పొట్ట ఎక్స్‌రే లేదా స్కానింగ్‌లో రాళ్లు కనిపించవచ్చు. యాభై దాటిన మనిషికి కొత్తగా షుగర్ వచ్చి, దానితోపాటు కారణం లేకుండా బరువు తగ్గుతుంటే సీటీ తీయించమని అడగండి, అది పాంక్రియాస్ క్యాన్సర్ కూడా కావచ్చు. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఇన్సులిన్ ఎక్కువైందని అనిపిస్తే ఆర్‌ఎంపీ దగ్గరికీ, కషాయం అమ్మేవాడి దగ్గరికీ కాదు, అక్కడికి వెళ్లండి. పాత ఆపరేషన్ కాగితం, స్కాన్ రిపోర్టు, వారం రోజుల షుగర్ అంకెలు వెంట తీసుకెళ్లండి. "ఇది పాంక్రియాస్ షుగర్, మోతాదు సర్దండి" అని మీరే ముందుగా చెప్పండి. సర్దేదాకా తగ్గించిన మోతాదైనా వేసుకుంటూనే ఉండండి, సూది మాత్రం ఆపకండి.