నెట్ లేని ఫోన్ జాడ ఎలా తెలుస్తుంది?

కరీంనగర్ నుంచి హైదరాబాద్ వచ్చే బస్సులో ఒక ప్రయాణికురాలి ఆండ్రాయిడ్ ఫోన్ సీటు సందులోకి జారిపోయిందనుకుందాం. ఆమె చూసుకోకుండా దిగిపోయారు. ఫోన్‌లో డేటా ఆఫ్‌లో ఉంది, బ్లూటూత్ మాత్రం ఆన్‌లో ఉంది. దాన్ని వెతకడానికి అదే చాలు.

ఆ ఫోన్ బ్లూటూత్ ద్వారా ఒక చిన్న సంకేతాన్ని పదే పదే పంపుతుంటుంది. అందులో యజమాని పేరూ నంబరూ ఉండవు, తరచూ మారిపోయే ఒక గుర్తు మాత్రమే ఉంటుంది. చుట్టుపక్కల సీట్లలోని వాళ్ల ఫోన్లు దాన్ని అందుకుని, అప్పటికి తామున్న చోటును సంకేతభాషలోకి మార్చి, తమ నెట్ ద్వారా గూగుల్‌కు పంపుతాయి. అంటే మ్యాప్‌లో కనిపించేది పోయిన ఫోన్ చెప్పిన చోటు కాదు, దాని పక్కనున్న ఫోన్ చెప్పిన చోటు. అందుకే కొన్ని మీటర్లు అటూ ఇటూ తేడా ఉంటుంది.

ఈ సమాచారం గుడి హుండీ లాంటిది. ఎవరైనా వేయవచ్చు, తీయాలంటే తాళంచెవి కావాలి. ఆ చెవి యజమాని దగ్గరే ఉంటుంది కాబట్టి గూగుల్ కూడా దాన్ని చదవలేదు. యజమాని ఇంకో ఫోన్‌లో Find Hub యాప్ తెరిచినప్పుడు, పోయిన ఫోన్ స్క్రీన్ లాక్ పిన్ అడగవచ్చు. చోటు కనిపించాక దాని కింద ఉన్న సమయం కూడా చూడాలి. గంట కిందటి చోటైతే బస్సు ఈపాటికి డిపోకు చేరి ఉంటుంది.

అసలు చిక్కు సెట్టింగ్‌లో ఉంది. మామూలుగా ఇది జనం ఎక్కువగా తిరిగే చోట్లకే పరిమితమై ఉంటుంది. పలు ఫోన్లు గుర్తిస్తేనే చోటు చూపిస్తుంది. ఒంటరి మనిషి ఇంటి చిరునామా బయటపడకూడదని పెట్టిన జాగ్రత్త అది. జూబ్లీ బస్ స్టేషన్‌లో ఇబ్బంది లేదు గానీ, పొలం గట్టున పడిపోయిన ఫోన్ పక్కనుంచి ఒక్కరే నడిచి వెళ్తే జాడ దొరకదు. సెట్టింగ్స్‌లో గూగుల్ విభాగంలోని Find Hub తెరిచి, Find your offline devices కింద With network in all areas ఎంచుకుంటే ఆ ఒక్కరి ఫోన్ కూడా సాయపడే అవకాశం ఉంటుంది. కాకపోతే ఇతరుల వస్తువులను మీ ఫోన్ ఒక్కటే గుర్తించినా, ఆ చోటును పంపుతుంది.

దొంగ సిమ్ తీసేసినా బ్లూటూత్ సంకేతం ఆగదు. ఫోన్ స్విచాఫ్ చేస్తే మాత్రం చాలా మోడళ్లలో ఆగిపోతుంది. పిక్సెల్ 8 వంటి కొన్ని ఫోన్లు మాత్రమే ఆ తర్వాత కూడా కొన్ని గంటలు సంకేతం పంపగలవు.

ఫోన్ పోయాక ఈ సెట్టింగ్ మార్చుకోవడం కుదరదు. అందుకే చేతిలో ఉండగానే స్క్రీన్ లాక్ పెట్టి, బ్లూటూత్, లొకేషన్ ఆన్‌లో ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.