ఆ రాత్రి మోగని అలర్ట్

హైదరాబాద్‌లో ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ కథ ఇది. సెల్లార్‌లో వాన నీళ్లు చేరే గుంత, నీళ్లు తోడే మోటారు ఉన్నాయి. నీళ్లు పెరిగితే ఫ్లోట్ స్విచ్ పైకి లేస్తుంది, గోడకున్న చిన్న పెట్టె వైఫై మీదుగా వాచ్‌మన్ ఫోన్‌కి అలర్ట్ పంపుతుంది. అది పెట్టాక, వానొస్తే గంటకోసారి సెల్లార్‌లోకి దిగి చూసే పని అక్కర్లేదని అతనికి చెప్పింది కమిటీయే.

ఒక ఆగస్టు రాత్రి కుండపోత వాన. రెండింటికి కరెంటు పోయింది. తెల్లవారుజామున పాలవాడు వచ్చి పిలిచేసరికి సెల్లార్‌లో మోకాళ్ల లోతు నీళ్లు.

మీటింగులో ఒకాయన నిద్రపోయి ఉంటాడన్నారు. వాచ్‌మన్ ఫోన్ తీసి చూపించాడు. "మోగలేదు సార్. అసలు మెసేజే రాలేదు, చూడండి."

మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంజనీరు గారు తీగలన్నీ వెతికి కారణం పట్టుకున్నారు. జనరేటర్ లైను లిఫ్టుకీ మెట్ల దీపాలకే ఉంది. కరెంటు పోగానే మోటారు ఆగింది, వైఫై రూటరూ ఆగింది. అంటే నీళ్లు పెరగడానికి, కబురు అందకపోవడానికి కారణం ఒక్కటే. ఇన్నాళ్లూ అలర్ట్ పనిచేసింది కరెంటున్న రాత్రుల్లో. వాచ్‌మన్‌ని అనుమానించడం ఎంత అన్యాయమో నాకు ఇక్కడే తెలిసింది. అలర్ట్ రాకపోతే అంతా బాగున్నట్టేనని అతనికి నేర్పింది వాళ్లే కదా!

ఆ తర్వాత మోటారుని జనరేటర్ లైనుకి కలిపారు. గేటు దగ్గర బ్యాటరీతో నడిచే హూటర్ పెట్టి, రెండో ఫ్లోట్ స్విచ్ నుంచి దానికి నేరుగా తీగ లాగారు. మామూలు రోజుల్లో ఆ తీగలో కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. నీళ్లు పెరిగితే స్విచ్ దాన్ని తెంపుతుంది, హూటర్ మోగుతుంది. ఎలుక తీగ కొరికినా అదే జరుగుతుంది. చెడిపోతే మూగబోకుండా అరిచేలా కట్టడమే ఇందులో అసలు కిటుకు.

ఫోన్ అలర్ట్‌ని తీసేయలేదు. రూటర్‌కి చిన్న బ్యాటరీ పెట్టారు, అలర్ట్ సెక్రటరీ గారి ఫోన్‌కి కూడా వెళ్తుంది. వానలో కరెంటు పోతే ఏ అలర్ట్ కోసమూ చూడకుండా వాచ్‌మన్ టార్చితో మెట్ల దాకా వెళ్లి చూస్తాడు. నీళ్లుంటే మాత్రం అడుగు పెట్టడు, ముందు పైనున్న మెయిన్ స్విచ్ ఆపుతాడు. సెల్లార్‌లో మీటర్ల బోర్డు ఉంది మరి.

నెలకోసారి ఫ్లోట్‌ని చేత్తో లేపి హూటర్ మోగుతుందో లేదో చూస్తున్నారు. రెండో నెలలోనే అది మోగలేదు. ఫ్లోట్ కీలులో బురద గట్టిపడి, లేపినా కదలలేదు. వాచ్‌మన్ దాన్ని కడిగి మళ్లీ లేపి, మోగాక రిజిస్టర్‌లో తేదీ వేశాడు.